ఏనుగు బదులు బూడిద రంగు పెట్టె

ఒక షాట్ అనుకుందాం. పాతకాలం నాటి బజారు వీధి. హీరో కెమెరా వైపు పరుగెత్తుకొస్తుంటాడు. వెనక మదమెక్కిన ఏనుగు తరుముకొస్తుంటుంది. హీరోకు ముందు కెమెరా వెనక్కి జరుగుతూ ఉంటుంది. దారి పక్కన ఉన్న తోపుడు బండిని ఏనుగు ఎగరగొట్టేస్తుంది. చివరికి దాని తొండం హీరో వీపుకు అందేంత దగ్గరికొస్తుంది. మొత్తం 6 సెకన్లు, మధ్యలో కట్ లేదు.

స్టోరీబోర్డులో దీనికి మూడు బొమ్మలు సరిపోతాయి. మొదటి బొమ్మలో ఏనుగు వీధి చివర చిన్నగా ఉంటుంది, రెండో దాంట్లో సగం దూరం వచ్చేస్తుంది, మూడో దాంట్లో హీరో మీద పడేలా ఉంటుంది. బొమ్మలు బాగుంటాయి, అందరూ సరేనంటారు. కానీ ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో, ఎన్ని మీటర్లు కదిలారో ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. కాగితం మీద ఏనుగును పెద్దగా గీయాలంటే పెన్సిల్ చాలు. వీధిలో అది పెద్దగా కనిపించాలంటే దూరం, వేగం, లెన్సు, కెమెరా ఎత్తు అన్నీ కలిసిరావాలి. షూటింగ్‌కు ముందే షాట్‌ను కంప్యూటర్లో నమూనాగా కట్టి చూసుకోవడాన్ని ప్రీవిజ్ అంటారు. అది చేసేది ఈ లెక్క తేల్చడానికే.

ఏనుగు ఇక్కడ సీజీ. మన దేశంలో సినిమా కోసం నిజం జంతువును వాడాలంటే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి కావాలి. అనుమతి వచ్చినా, పరుగెత్తే మనిషి వెనక ఏనుగును తరమడం ఎవరూ చేయకూడని పని. అంటే షూటింగ్ రోజున ఫ్లోర్ మీద హీరో ఉంటాడు, బండి ఉంటుంది, కొంత సెట్ ఉంటుంది, వెనక బ్లూ మ్యాట్, అంటే తర్వాత చెరిపేసి సీజీ దృశ్యం పెట్టే నీలం తెర ఉంటుంది. ఏనుగు మాత్రం ఉండదు. కెమెరామన్ ఖాళీ జాగాకు ఫ్రేమ్ పెట్టాలి, నటుడు ఖాళీ జాగాను చూసి భయపడాలి. ఆ ఖాళీ ఎంత పెద్దదో, ఏ క్షణానికి ఎక్కడుంటుందో ముందే తెలియకపోతే ఆ తప్పు బయటపడేది నెలల తర్వాత, సీజీ వాళ్లు ఏనుగును ఫ్రేమ్‌లో కూర్చోబెట్టేటప్పుడే. అప్పటికి సెట్ విప్పేసి ఉంటారు.

ఈ అలవాటు కంప్యూటర్లో ప్రీవిజ్ చేయడం కంటే పాతది. 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై' అడవి ఛేజ్ కోసం చిన్న బొమ్మలను చేత్తో కదిలిస్తూ వీడియో తీసుకుని షాట్లు ఖాయం చేసుకున్నారు. పదేళ్ల తర్వాత 'జురాసిక్ పార్క్' కోసం ఫిల్ టిప్పెట్ బృందం డైనోసార్ బొమ్మలను స్టాప్ మోషన్‌లో కదిలించి ముఖ్యమైన సీన్లను ముందే తీసి చూపింది. ఇప్పుడు బొమ్మ స్థానంలోకి త్రీడీ పెట్టె వచ్చింది. దాంతో వచ్చిన అసలు లాభం కొలత. బల్ల మీద బొమ్మను ఎంత దూరం జరిపామన్నది చూపు మీద ఆధారపడిన అంచనా, త్రీడీలో అది కచ్చితంగా ఇన్ని మీటర్లు.

పెట్టె కొలతలు

పని మొదలయ్యేది చాలా సాదాసీదాగా. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో యూనిట్లు మీటర్లలో పెట్టుకుంటారు. హీరోకు 1.75 మీటర్ల ఎత్తున్న సన్నని పెట్టె. ఆసియా మగ ఏనుగు భుజం దగ్గర ఎత్తు సగటున 2.75 మీటర్లు ఉంటుంది కాబట్టి ఏనుగుకు అంత ఎత్తు, సుమారు 6 మీటర్ల పొడవు ఉన్న పెట్టె. బండి ఇంకో పెట్టె. వీధికి అటూ ఇటూ రెండు పొడవాటి గోడలు, వాటి మధ్య 6 మీటర్ల వెడల్పు. అన్నీ బూడిద రంగే. ఈ దశలో ఏనుగుకు ముడతల చర్మం, చెవులు, దంతాలు పెట్టడానికి కూర్చుంటే రెండు రోజులు వృథా. పైగా అందంగా ఉన్న దాన్ని మార్చడానికి మనసొప్పదు. పెట్టెనైతే ఎన్నిసార్లయినా తీసి పక్కన పెట్టొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఇక్కడే జాగ్రత్త కావాలి. సాఫ్ట్‌వేర్ పెట్టెను పుట్టించినప్పుడు దాని కేంద్రబిందువు పెట్టె మధ్యలో ఉంటుంది. స్క్రీన్ మీద కనిపించే స్థానం ఆ మధ్యబిందువుదే. హీరోకూ ఏనుగుకూ మధ్య 4 మీటర్లు ఉండాలని అంకెలు చూసి పెడితే, ఏనుగు ముందు భాగం అందులో 3 మీటర్లు తినేస్తుంది. నిజంగా మిగిలేది 1 మీటరే. అందుకే ఏనుగు కేంద్రబిందువును నుదుటి దగ్గరికి జరిపేయాలి. ఇకపై ఈ వ్యాసంలో ఏనుగు స్థానం అంటే దాని నుదురు ఉన్న చోటు.

తర్వాత వేగం. ఏనుగు ఎంత వేగంగా వస్తుంది? థాయిలాండ్ ఏనుగులను కొలిచి 2003లో ప్రచురించిన పరిశోధనలో గరిష్ఠంగా సెకనుకు 6.8 మీటర్లు, అంటే గంటకు సుమారు 25 కిలోమీటర్లు వచ్చింది. అంత వేగంలోనూ నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేచిన క్షణం లేదు. ఇది ఊరికే తెలుసుకునే ముచ్చట కాదు. పెట్టెను గుర్రంలా ఎగరేసి కదిపితే చూడ్డానికి ఉత్సాహంగా ఉంటుంది, కానీ రేపు యానిమేటర్ అసలు ఏనుగును అలా పరుగెత్తించలేడు. ఈ షాట్‌కు సెకనుకు 6 మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఫ్రేముకు పావు మీటరు. గుర్తుంచుకోవడం కూడా తేలిక.

హీరో సంగతి? మామూలు చెప్పులతో, పంచెకట్టుతో, మట్టి పరిచిన ఫ్లోర్ మీద పరుగెత్తే నటుడికి సెకనుకు 5 మీటర్లు అంటే గట్టి పరుగే.

6 సెకన్లలో తరగని దూరం

ఇప్పుడు రెండు పెట్టెలనూ కదిపి చూస్తే మొదటి దెబ్బ తగులుతుంది. షాట్ మొదట్లో ఏనుగు హీరోకు 20 మీటర్ల వెనక ఉంది. ఇద్దరూ ఒకేసారి పరుగు అందుకున్నారు. ఏనుగు 6, హీరో 5. అంటే సెకనుకు మధ్యలో దూరం తగ్గేది 1 మీటరు. 6 సెకన్లు గడిచేసరికి ఏనుగు ఇంకా 14 మీటర్ల వెనకే ఉంటుంది. స్టోరీబోర్డు మూడో బొమ్మలో ఉన్నంత దగ్గరికి, 4 మీటర్ల లోపుకు రావాలంటే 16 సెకన్లు పడుతుంది. ఆలోపు హీరో 80 మీటర్లు పరుగెత్తాలి. అంత వీధీ లేదు, అంత షాటూ లేదు.

ఇక్కడ అందరికీ తట్టే మొదటి ఉపాయం ఏనుగు వేగం పెంచేయడం. సీజీయే కదా, సెకనుకు 9 మీటర్లు పెడితే సరిపోదా అనిపిస్తుంది. పెట్టె అయితే జారుకుంటూ వచ్చేస్తుంది. కానీ ఆ వేగానికి కాళ్లు ఆడించేసరికి అడుగులు టపటపా పడతాయి, మూడు నాలుగు టన్నుల బరువు ఎగిరిపోయి బొమ్మ ఏనుగులా కనిపిస్తుంది. ప్రేక్షకుడికి లెక్క తెలియకపోయినా తేడా మాత్రం తెలుస్తుంది. ఈ తప్పు పెట్టె దశలో కనిపించదు. అందుకే వేగాన్ని ముందే నిజం కొలతకు కట్టేయడం మంచిది.

రెండో ఉపాయం కథలోంచి వస్తుంది. హీరో వెంటనే పరుగెత్తకపోతే? ఏనుగును చూసి 2 సెకన్లు కొయ్యబారిపోయి నిలబడితే? ఆ 2 సెకన్లలోనే ఏనుగు 12 మీటర్లు తినేస్తుంది. 20 కాస్తా 8 అవుతుంది. తర్వాత 5 సెకన్ల పరుగులో ఇంకో 5 మీటర్లు తగ్గి, 7వ సెకను చివర మధ్యలో 3 మీటర్లే మిగులుతాయి. షాట్ 1 సెకను పెరిగింది కానీ అనుకున్న భయం వచ్చింది. నిలబడిపోయిన ఆ 2 సెకన్లు నటనకు కూడా మంచి చోటు. ప్రీవిజ్ చేసినందుకు దొరికే విలువైన వస్తువులు ఇలాంటివే. ఇది ఎఫెక్ట్స్ నిర్ణయంలా మొదలై స్క్రీన్‌ప్లే నిర్ణయంగా ముగిసింది.

అయితే ఈ లెక్కలోనూ ఒక అబద్ధం దాగి ఉంది. పెట్టె 48వ ఫ్రేము దాకా కదలకుండా ఉండి, 49వ ఫ్రేములో పూర్తి వేగం అందుకుంటుంది. మనిషి అలా అందుకోలేడు. సెకనుకు 5 మీటర్ల వేగానికి చేరడానికి కనీసం 1 సెకను పడుతుందనుకుంటే, ఆ సెకనులో అతను వెళ్లేది 5 మీటర్లు కాదు, రెండున్నర. ఆ రెండున్నర మీటర్లు చివర్లో మిగిలిన 3 మీటర్లలోంచి పోతాయి. అంటే ఏనుగుకూ అతనికీ మధ్య అర మీటరు. తెర మీద ఏనుగు అతన్ని గుద్దేసినట్టే ఉంటుంది. సరిచేయడం తేలికే. హీరో అర సెకను ముందు, అంటే 36వ ఫ్రేముకే కదలాలి. అప్పుడు మిగతా లెక్కంతా యథాతథంగా నిలబడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఏనుగు వైపు జరుగుతుంది. ఏ ఫ్రేములో పెట్టె ఎక్కడుండాలో మనం పెట్టే గుర్తులే కీఫ్రేములు. బ్లెండర్ కొత్త కీఫ్రేములకు మొదట్లో మెల్లగా మొదలై చివర్లో మెల్లగా ఆగే కదలికను తనంతట తానే ఇస్తుంది. హీరో మొదలవడానికి అది కొంతవరకు నప్పుతుంది. ఏనుగుకు మాత్రం నప్పదు. అది షాట్ మొదలయ్యేటప్పటికే పరుగులో ఉంది, షాట్ అయిపోయాక కూడా ఆగదు. అలాగే వదిలేస్తే చివరి సెకనులో, అసలు మీద పడాల్సిన చోట, ఏనుగు బ్రేకు వేసినట్టు నెమ్మదిస్తుంది. చూసేవాళ్లకు ఎందుకో భయం వేయలేదనిపిస్తుంది, కారణం చెప్పలేరు. ఏనుగు కీఫ్రేములను లీనియర్‌గా, అంటే వేగం మారకుండా ఉండేలా మార్చి మళ్లీ చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

కెమెరా కింద పెడితే ఏనుగు మాయం

ఏనుగు కొండలా కనిపించాలంటే కెమెరా కింద పెట్టాలన్నది షూటింగుల్లో ఎప్పుడూ వినిపించే మాట. ఒక్క ఏనుగే ఉంటే అది నిజం. ముందు మనిషి ఉంటే నిజం కాదు, పెట్టెలు ఆ సంగతి నిమిషంలో చూపిస్తాయి.

స్టోరీబోర్డు ప్రకారం కెమెరా హీరోకు 4 మీటర్ల ముందు, నేలకు అర మీటరు ఎత్తులో ఉంది. ఏనుగు హీరోకు 8 మీటర్ల వెనక, అంటే కెమెరాకు 12 మీటర్ల దూరంలో ఉన్న క్షణం తీసుకుందాం. ఒక వస్తువు ఫ్రేమ్‌లో ఎంత ఎత్తుకు లేస్తుందన్నది, కెమెరా కంటే అది ఎంత ఎత్తుగా ఉందో దాన్ని దూరంతో భాగిస్తే తెలుస్తుంది. హీరో తల కెమెరా కంటే 1.25 మీటర్లు ఎత్తు, దూరం 4, కాబట్టి 0.31. ఏనుగు వీపు కెమెరా కంటే 2.25 మీటర్లు ఎత్తు, దూరం 12, కాబట్టి 0.19. ఫ్రేమ్‌లో హీరో తల ఏనుగు కంటే చాలా పైన ఉంటుంది. ఏనుగు అతని ఛాతీ దాకే లేచి, చాలావరకు అతని వెనకే దాక్కుంటుంది.

ఇప్పుడు అదే కెమెరాను 1.5 మీటర్లకు, అంటే దాదాపు కంటి ఎత్తుకు తెస్తే? హీరో తల కెమెరా కంటే పావు మీటరే ఎత్తు, 4తో భాగిస్తే 0.06. ఏనుగు 1.25 మీటర్లు ఎత్తు, 12తో భాగిస్తే 0.10. ఏనుగు హీరో తల మీదుగా లేచి కనిపిస్తుంది! కెమెరా పైకెత్తితే ఏనుగు పెరిగింది. ఇది మాటల్లో చెబితే ఏ దర్శకుడూ ఒప్పుకోడు. పెట్టెల మీద కెమెరాను పైకీ కిందకీ జరిపి చూపిస్తే వాదన అక్కర్లేదు.

దూరానిదీ ఇలాంటి కథే. కెమెరా హీరోకు 4 మీటర్ల దగ్గరుంటే హీరో ముందు ఏనుగు సగం ఎత్తే కనిపిస్తుంది. అదే 12 మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే హీరో 12లో, ఏనుగు 20లో ఉంటారు. 1.75ను 12తో, 2.75ను 20తో భాగిస్తే రెండూ ఇంచుమించు సమానం. హీరోతో పోలిస్తే ఏనుగు పెద్దదయ్యేది కెమెరా వెనక్కి జరగడం వల్లే, లెన్సు వల్ల కాదు. లెన్సు ఆ దృశ్యంలో ఎంత భాగం చూపించాలో మాత్రం నిర్ణయిస్తుంది. టెలీ లెన్సు వెనకున్న దాన్ని ముందుకు లాగుతుందనే నమ్మకం పుట్టింది టెలీ లెన్సు పెట్టినప్పుడు కెమెరాను వెనక్కి జరపడం వల్లే.

కాబట్టి కెమెరా మొదట 12 మీటర్ల ముందు మొదలవ్వాలి. అప్పుడు దూరంలో ఉన్న ఏనుగు కూడా హీరో తల మీదుగా కనబడుతుంది. ఏనుగు దగ్గరవుతున్న కొద్దీ హీరో కెమెరాకు దగ్గరవుతూ చివరికి 4 మీటర్లకు రావాలి.

ఫ్లోర్ ఎంత పొడవు?

ఈ నిర్ణయం ఇంకో లాభం కూడా తెచ్చింది. స్టూడియో ఫ్లోర్ పొడవు 30 మీటర్లనుకుందాం. మొదటి ప్లాన్ ప్రకారం హీరో 25 మీటర్లు పరుగెత్తాలి. 4 మీటర్ల ముందు కెమెరా ఉంది, అంటే అది 29వ మీటరు దగ్గర ముగుస్తుంది. కానీ సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్న ట్రాలీ అక్కడికక్కడే ఆగిపోదు. మనుషులకూ కెమెరాకూ దెబ్బ తగలకుండా ఆపడానికి ఇంకో 5 మీటర్లయినా కావాలి. హీరో మొదలయ్యే చోటుకు వెనక బ్లూ మ్యాట్‌కు 3 మీటర్లు. మొత్తం 37. ఫ్లోర్ గోడ బద్దలు కొడితే తప్ప కుదరదు. త్రీడీ సీన్‌లో ఫ్లోర్ గోడను కూడా ఒక పెట్టెగా పెట్టకపోతే ఈ సంగతి తెలియదు. వర్చువల్ కెమెరాకు ఒళ్లు లేదు, గోడలోంచి కూడా హాయిగా వెళ్లిపోతుంది. కెమెరాకు, దాన్ని తోసేవాళ్లకు కలిపి ఇంకో పెట్టె తగిలిస్తే అది గోడలో దూరగానే కనిపిస్తుంది.

కొత్త ప్లాన్‌లో షాట్‌ను తిరిగి 6 సెకన్లకు తగ్గిస్తే చివర్లో మధ్య దూరం 3కు బదులు 4 మీటర్లవుతుంది. ఆ ఒక్క మీటరుతో పోయే భయం పెద్దగా ఏమీ లేదు, హీరో పరుగు మాత్రం 20 మీటర్లకు తగ్గుతుంది. కెమెరా 12వ మీటరు నుంచి 24వ మీటరు దాకా వెళ్తుంది. నాలుగున్నర సెకన్లలో 12 మీటర్లు, అంటే సగటున సెకనుకు 2.7. ఇది మనుషులు తోసే ట్రాలీకి అందే వేగమే. ఆగడానికి ఒకటిన్నర మీటరు చాలు. వెనక 3 మీటర్లు కలిపితే 28.5. ఇరుకే, కానీ పడుతుంది.

తర్వాత మ్యాట్ ఎత్తు. కెమెరా మొదట్లో మ్యాట్‌కు 15 మీటర్ల దూరంలో ఉంది, చివరికి 27 మీటర్లకు వెళ్తుంది. 24 ఎంఎం లెన్సు, సూపర్ 35 సెన్సర్, ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పున్న ఫ్రేమ్ అనుకుంటే మొదట్లో ఫ్రేమ్ పై అంచు మ్యాట్ మీద 4.75 మీటర్ల ఎత్తు దగ్గర ఉంటుంది. చివర్లో అది 7.4 మీటర్లకు పాకుతుంది. మొదటి ఫ్రేమ్ చూసి 6 మీటర్ల మ్యాట్ చాలనుకుని తెప్పిస్తే, షాట్ చివర్లో దాని పైనుంచి ఫ్లోర్ లైట్లు కనిపిస్తాయి. చివర్లోనే ఏనుగు కూడా ఫ్రేమ్‌లో పెద్దగా ఉంటుంది, దుమ్ము ఎక్కువగా ఉంటుంది, చెరిపే పని అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. ఇంతకు మించి మ్యాట్ గురించి ఆలోచించనక్కర్లేదు. అటూ ఇటూ వీధి గోడలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి వెడల్పు సమస్య రాదు.

లెన్సు ఒకటే, దృశ్యం వేరు

పైన చెప్పిన లెక్కలన్నీ ఒక్క అంకె తప్పయితే కూలిపోతాయి. ఆ అంకె సెన్సర్ వెడల్పు. బ్లెండర్ కెమెరాలో మామూలుగా ఉండేది 36 మిల్లీమీటర్లు, అంటే ఫుల్ ఫ్రేమ్. సూపర్ 35 వెడల్పు 24.89. ఎవరూ పట్టించుకోకుండా 36 మీదే ప్రీవిజ్ చేసేసి, కాగితం మీద '35 ఎంఎం లెన్సు' అని రాసిచ్చారనుకుందాం. కంప్యూటర్లో ఆ లెన్సు 54 డిగ్రీల వెడల్పు చూపించింది. ఫ్లోర్‌లో సూపర్ 35 కెమెరాకు అదే 35 ఎంఎం పెడితే 39 డిగ్రీలే కనిపిస్తుంది. వీధి గోడలు ఫ్రేమ్ బయటికి పోతాయి, బండి పోతుంది. కెమెరాను వెనక్కి జరుపుదామంటే ఫ్లోర్ లేదు, పైగా జరిపితే ఇందాకటి ఏనుగు లెక్కంతా మారిపోతుంది. ఆ ప్రీవిజ్‌లోని దృశ్యం ఫ్లోర్‌లో రావాలంటే నిజానికి పెట్టాల్సింది 24 ఎంఎం.

అందుకని కెమెరా ఖాయమైన రోజే ఆ అంకెను సీన్‌లో మార్చేయాలి:

```
import bpy
s = bpy.context.scene
s.render.fps = 24
c = s.camera.data
c.sensor_fit = 'HORIZONTAL'
c.sensor_width = 24.89
c.lens = 24
```

కెమెరా పేరు తెలిస్తే సరిపోదు. ఒకే కెమెరా వేర్వేరు రికార్డింగ్ మోడుల్లో సెన్సర్‌లో వేర్వేరు భాగాలు వాడుతుంది. ఏ మోడులో తీస్తున్నారో దాని వెడల్పే కావాలి. ఉదాహరణకు అలెక్సా మినీలో, సెన్సర్ మొత్తం వాడే ఓపెన్ గేట్ మోడులో అది 28.25 మిల్లీమీటర్లు.

నమ్మకం కుదరకపోతే ఫ్లోర్‌లో చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. కెమెరాకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో నేల మీద అడ్డంగా టేపు పరచాలి. 24 ఎంఎం పెట్టి, ఫ్రేమ్ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా టేపు మీద ఎన్ని మీటర్లు కనిపిస్తున్నాయో చదవాలి. 24.89ను 24తో భాగించి 10తో గుణిస్తే 10.37 మీటర్లు. టేపు మీద 10.4 దగ్గర కనిపిస్తే ప్రీవిజ్, కెమెరా ఒకే మాట మీద ఉన్నట్టు. 11.8 కనిపిస్తే కెమెరా ఓపెన్ గేట్‌లో ఉంది. అయిదు నిమిషాల పని. దీన్ని షూటింగ్ రోజు పొద్దున కాకుండా కెమెరా టెస్ట్ రోజే చేసేస్తే అందరికీ టెన్షన్ తగ్గుతుంది.

ఫ్లోర్‌కు వెళ్లే కాగితం

డైరెక్టర్‌కు ప్రీవిజ్ వీడియో కావాలి. ఫ్లోర్‌లో మిగతావాళ్లకు దాంతో పెద్దగా పని లేదు, వాళ్లకు కావాల్సింది పైనుంచి చూసినట్టు గీసిన ప్లాన్. హీరో మొదలయ్యే చోటును సున్నా అనుకుని, కెమెరా వైపు మీటర్లు లెక్కపెట్టి, ముఖ్యమైన ఫ్రేముల దగ్గర ఎవరెక్కడున్నారో రాస్తారు. 36వ ఫ్రేములో హీరో సున్నా దగ్గర కదులుతాడు, అప్పటికి ఏనుగు 11 మీటర్ల వెనక ఉంది. 96లో హీరో 10వ మీటరు దగ్గరున్న బండిని దాటుతాడు. 120లో ఏనుగు నుదురు ఆ బండి దగ్గరికొస్తుంది, హీరో 15లో ఉంటాడు. 144లో ఏనుగు 16, హీరో 20. అక్కడ కట్.

ఈ నాలుగు వరుసల్లో చాలామంది పని ఉంది. బండి ఎగిరిపడాలంటే దానికి కట్టిన తాడును ఎవరో లాగాలి. ఎప్పుడు? హీరో బండి దాటిన సరిగ్గా 24 ఫ్రేములకు, అంటే 1 సెకనుకు. ఆ మనిషికి ఏనుగు కనిపించదు కాబట్టి హీరోను చూసి "ఒకటి" అని లెక్కపెట్టి లాగుతాడు. ముందే లాగితే ఏనుగు తగలకుండానే బండి పడిపోయినట్టుంటుంది. తర్వాత లాగితే ఏనుగు బండిలోంచి దూరి వచ్చినట్టుంటుంది. రెండింటినీ సీజీలో సరిచేయొచ్చు, కానీ దానికి నిజం బండిని చెరిపేసి సీజీ బండి పెట్టాలి.

నటుడి చూపు కూడా ఇక్కడే తేలుతుంది. 120వ ఫ్రేములో అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. ఏనుగు కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో మోడల్‌లో కొలిచి, బండి వరుసలో నీలం బట్టలు వేసుకున్న మనిషి అంత ఎత్తున్న కర్ర పట్టుకుని నిలబడితే చాలు. కర్రతో ఎవరూ పరుగెత్తనక్కర్లేదు, ఎందుకంటే చూపు ఉన్నది ఒక్క చోటే. ఈ లెక్క లేకపోతే నటుడు తనకు తోచిన ఎత్తుకు చూస్తాడు. సాధారణంగా మనిషి కళ్లకు ఎదురుగా, ఏనుగు తొండం మధ్యలోకి చూస్తాడు.

పెట్టెలు చెప్పలేనివీ ఉన్నాయి. దుమ్ము ఎంత లేస్తుంది, దాంట్లో మ్యాట్ అంచు ఎంత మసకబారుతుంది, మధ్యాహ్నం ఎండ అనుకున్న షాట్‌కు ఫ్లోర్ లైట్లు ఎంత సరిపోతాయి అన్నవి టెస్ట్ షూట్‌లోనే తెలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా మనిషి ఆ రోజు ఎంత వేగంగా పరుగెత్తుతాడో పెట్టె చెప్పలేదు.

రిహార్సల్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే హీరో సెకనుకు 5 కాదు, నాలుగున్నర మీటర్లే పరుగెత్తుతున్నాడని తేలిందనుకుందాం. పంచె అడ్డం పడుతోంది, మట్టి జారుతోంది. అప్పుడు 144వ ఫ్రేముకు అతను 20కి బదులు 18వ మీటరు దగ్గర ఉంటాడు, ఏనుగు 2 మీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. అతన్ని ఇంకా గట్టిగా పరుగెత్తమని పదిసార్లు అడగడం కంటే రెండు దారులు మంచివి. ఒకటి, 36కు బదులు 25వ ఫ్రేముకే కదలమనడం. కానీ అప్పుడు నిలబడిపోయే క్షణం 1 సెకనుకు కుంచించుకుపోతుంది, భయమంతా అందులోనే ఉంది. రెండోది, ఏనుగునే కొంచెం తగ్గించడం. సెకనుకు 6కు బదులు 5.67 మీటర్లు పెడితే చివర్లో మళ్లీ 4 మీటర్ల దూరం వస్తుంది. ఏనుగు ఇంకా ఎక్కడా తయారు కాలేదు, ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒక పెట్టె మాత్రమే. దాని చివరి కీఫ్రేమును 2 మీటర్లు వెనక్కి జరిపితే పని అయిపోతుంది. కెమెరాను కూడా 24కు బదులు 22వ మీటరు దగ్గర ఆపాలి, లేకపోతే చివర్లో హీరోకు అది 6 మీటర్ల దూరంలో ఉండిపోతుంది. ట్రాలీ మార్కు జరపడం నిమిషం పని.

మర్చిపోయేది బండి. నెమ్మదించిన ఏనుగు 10వ మీటరుకు ఆలస్యంగా వస్తుంది. హీరో కూడా బండిని కాస్త ఆలస్యంగానే దాటుతాడు కాబట్టి "ఒకటి" అనే లెక్క దాదాపు అలాగే ఉంటుంది, కానీ ఫ్రేము మారింది. కాగితం చూసి మైకులో లెక్క చెప్పే అసిస్టెంట్ డైరెక్టర్ అక్కడున్న 120ని కొట్టేసి 127 అని రాసుకోవాలి.